ఏడుపు లెక్క రాసుకున్న ఆరు వారాలు

రెండు కట్టల లాటరల్ పైపు లెక్క తేలలేదు. అక్కడ మొదలైంది ఇదంతా.

మాది గార్లదిన్నె వైపు ఒక పల్లె. పదిహేనేళ్లుగా అనంతపురంలో ఒక డ్రిప్ డీలరు దగ్గర ఫిట్టరుగా పనిచేస్తున్నాను. చీనీ తోటలకు, దానిమ్మ తోటలకు పైపులు పరచడం, ఫిల్టర్లు బిగించడం నా పని. ఆ రోజు పొద్దున షాపులో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు, పనిపిల్లోళ్లు ఇద్దరున్నారు. ఓనరు పుస్తకం తిప్పి చూసి, ‘16 ఎం.ఎం. పైపు రెండు కట్టలు తక్కువున్నాయి, సరుకు నీ చేతిమీదే గదా పోయింది’ అన్నాడు. ఆ మాటలో ఉన్న అర్థం అందరికీ తెలిసింది.

నేను జవాబు చెప్పాలని నోరు తెరిచాను. గొంతులో ఏదో అడ్డం పడింది. మాట రాలేదు, కన్నీళ్లు మాత్రం వచ్చాయి. ఆపుదామని పళ్లు బిగించేకొద్దీ ఎక్కువయ్యాయి. ‘తప్పు చేయనోడివి యాల ఏడుస్తావు?’ అన్నాడు ఓనరు. బెంచీ మీదున్న ఒక పెద్దాయన, నన్ను కాదన్నట్టు, గోడ చూస్తూ అన్నాడు: ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగోణ్ణి నమ్మగూడదంటారు.’

నేను బండి తీసుకుని ఇంటికొచ్చేశాను. నాలుగు రోజులు పనికి పోలేదు.

నాకు ఏడుపు తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరైనా దొంగతనం అంటగడితేనే కాదు, ఎవరైనా మంచిగా మాట్లాడినా వస్తుంది. పెళ్లిలో అప్పగింతలు చూస్తే వస్తుంది, ముసలోళ్లు బస్సు ఎక్కలేక నిలబడితే వస్తుంది. నలభై ఒక్క ఏళ్ల మనిషిని. దాన్ని దాచడానికి ఎన్ని ఉపాయాలు నేర్చుకున్నానో నాకే తెలుసు. బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడవడం, కంట్లో దుమ్ము పడిందనడం, హెల్మెట్ తీయకుండా మాట్లాడడం. మా అక్క కూతురి పెళ్లిలో అప్పగింతల టైముకు టెంటు వెనక జనరేటర్ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల ‘మామ ఏడీ’ అని అడిగిందని తర్వాత తెలిసింది.

ఈ సిగ్గు ఎక్కడ పుట్టిందో కూడా నాకు బాగా గుర్తుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాత జత ఎద్దుల్లో ఒకదాన్ని సంతకు తోలినారు. దానికి నీళ్లు పెట్టేది నేనే. అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, అరుగు మీద కూర్చుని ఏడ్చాను. మా చిన్నాయన వచ్చి, మా అక్క గాజులు రెండు తెచ్చి, నా ఎడమ చేతికి ఎక్కించాడు. ఎర్రగాజులు. మణికట్టు దగ్గర ఇరుక్కుని, ఎక్కలేక ఎక్కినాయి. వీధిలో ఉన్నోళ్లంతా నవ్వారు. తర్వాత తీయబోతే రాలేదు. ఒకటి పగిలి చర్మం గీసుకుంది, ఇంకోదాన్ని సబ్బు రాసి మా అమ్మ తీసింది. ఏడిస్తే మళ్లీ తొడుగుతారని, ఆ గాజు తీసేటప్పుడు నొప్పి పుట్టినా నేను ఏడవలేదు.

నాలుగో రోజు రాత్రి మా ఆవిడ పక్కన కూర్చుని, ‘బావా, నువ్వు ఏడ్చినందుకు కాదు నాకు భయం, ఈ నాలుగు రోజులూ మాట్లాడకుండా ఉన్నావే, దానికి’ అంది. టీవీలో చూసిన నంబరు ఒకటి రాసిపెట్టుకుంది, 14416. టెలీ మానస్ అని, మనసు బాగోలేనప్పుడు చేసే ప్రభుత్వ ఫోను. డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. నేను సగం చెప్పేసరికే గొంతు పట్టుకుంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. ‘నేను లైన్లోనే ఉన్నానన్నా’ అని, నేను తేరుకునేదాకా ఆగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగింది. లేదన్నాను. ఒకసారి డాక్టరుకు చూపించుకుని ఒంట్లో జబ్బేమీ లేదని తేల్చుకోమని చెప్పింది.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోయాము. తెలిసినోళ్లెవరైనా చూస్తారేమోనని టెన్షన్. డాక్టరు గారు అడిగినవి నేను అనుకున్న ప్రశ్నలు కావు. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటోందా? ముందు ఇష్టమున్న పనుల మీద ఇష్టం పోయిందా? నిద్ర, ఆకలి ఎట్లున్నాయి? తలకు దెబ్బ తగిలిందా, పక్షవాతం వచ్చిందా? ఏ బాధా లేకుండానే ఉన్నట్టుండి ఏడుపొచ్చి, వద్దనుకున్నా ఆగకుండా పోతుందా? చిన్నప్పటి నుంచీ ఇంతేనా, ఈమధ్య మారిందా? థైరాయిడ్ కోసం రక్తపరీక్ష కూడా రాశారు.

ఆ ప్రశ్నల్లో చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని ఇప్పుడు అర్థమవుతోంది. చిన్నప్పటి నుంచీ తొందరగా ఏడ్చే మనిషి వేరు, ఎప్పుడూ ఏడవని మనిషి ఉన్నట్టుండి రోజూ ఏడవడం వేరు. రెండోది డిప్రెషన్ కావచ్చు, ఇంకేదైనా జబ్బు కావచ్చు. దానికి వైద్యం కావాలి. నా రిపోర్టులు బాగున్నాయి. ‘మీకు జబ్బు లేదు, ఇది మీ తీరు’ అన్నారు డాక్టరు గారు. నిజం చెప్పాలంటే ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. జబ్బైతే మాత్రలతో పోయేది కదా అనుకున్నాను. ఆయన నన్ను సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు.

మేడం మొదట అడిగింది ఇది: ‘ఏడ్చినందువల్ల మీకు జరిగిన నష్టం ఏమిటి? ఏడుపు దాచుకున్నందువల్ల జరిగిన నష్టం ఏమిటి? రెండూ విడివిడిగా చెప్పండి.’ దాచినందువల్ల నష్టాలు వరసగా చెప్పగలిగాను. అప్పగింతల దగ్గర లేకపోవడం, స్నేహితుడి మట్టికి పోయి గుంత దాకా పోకుండా వెనక్కి రావడం, షాపులో నా మాట నేను చెప్పుకోకుండా లేచి రావడం. ఏడ్చినందువల్ల అని చెప్పబోతే ఏదీ దొరకలేదు. చాలాసేపు ఆలోచించాను. ‘నలుగురూ నవ్వారు’ అన్నాను. ‘అది వాళ్లు చేసింది కదా’ అని ఆమె కాగితం మీద మూడో గడి గీసి అందులో రాసింది.

తర్వాత చిన్న అద్దం చేతికిచ్చింది. కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగి, ముక్కు వైపు మూల చూడమంది. రెప్ప అంచున గుండుసూదితో పొడిచినట్టు ఒక సన్నటి రంధ్రం కనబడింది. నలభై ఏళ్లుగా నా ముఖంలోనే ఉంది, నేను ఎప్పుడూ చూడలేదు. పై రెప్పకు కూడా అట్లాంటిదే ఉంటుందట. కంట్లో ఊరే నీళ్లు ఆ రంధ్రాల గుండా ముక్కులోకి దిగుతాయి. అందుకే ఏడిస్తే ముక్కు కారుతుంది. ఊరేది ఆ రంధ్రాలు లాగగలిగినదానికన్నా ఎక్కువైతే రెప్ప దాటి చెంప మీద పడుతుంది. నేను పైపుల పని చేసేవాణ్ణి గనక ఇది చటుక్కున ఎక్కింది. బయటి నాలా పట్టలేనప్పుడు గట్టు మీదుగా పొర్లుతుంది, అంతే.

నీళ్లు ఊరే గ్రంథి కన్ను పైన, చెవి వైపు మూలలో ఉంటుంది. దానికి మన ఇష్టంతో పనిలేదు. నోట్లో లాలాజలం ఊరించే నరాల వ్యవస్థే దాన్నీ నడుపుతుంది. ‘చింతకాయను తలుచుకుంటే నోరు ఊరుతుంది. ఊరొద్దు అంటే ఆగుతుందా? నోరు ఊరినవాణ్ణి బలహీనుడని అంటామా?’ అని అడిగింది మేడం. పొగకు వచ్చే నీళ్లు, ఉల్లిపాయ కోస్తే వచ్చే నీళ్లు, మనసు కదిలితే వచ్చే నీళ్లు, అన్నీ ఆ గ్రంథిలోంచే వస్తాయి. మొదటి రెండింటికీ ఎవరూ సిగ్గుపడరు.

గొంతులో అడ్డం పడేదాని సంగతి కూడా చెప్పింది. కోపమో భయమో వచ్చినప్పుడు ఒళ్లు ఎక్కువ గాలి కావాలని గొంతులోని గాలిదారిని వెడల్పుగా తెరిచి ఉంచుతుంది. మనమేమో ఏడుపు మింగుదామని గుటక వేస్తాం. గుటక వేయాలంటే ఆ దారి మూసుకోవాలి. తెరవాలని ఒకటి, మూయాలని ఒకటి, ఆ పెనుగులాటే ఉండలాగా తెలుస్తుంది. అంటే నేను షాపులో పళ్లు బిగించి మింగేకొద్దీ ఆ ఉండను నేనే పెంచుకున్నాను. నా మాటను ఆపింది కన్నీళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆపింది నేను వాటిని మింగడానికి పడిన పాటు.

ఆ రోజు ఒక నోటుబుక్కు పెట్టుకోమంది. ఏడుపొచ్చిన ప్రతిసారీ రాయాలి: ఎక్కడ, ఎవరున్నారు, దానికి ముందు ఏం జరిగింది, ఆపడానికి ఏం చేశాను. మనసులో బరువు ఎంతుందో పదికి ఒక అంకె వేయాలి. అయితే ఆ అంకె రెండుసార్లు వేయాలి, ఏడ్చిన వెంటనే ఒకసారి, గంటన్నర తర్వాత ఒకసారి. ఎందుకంటే, ఏడ్చిన వెంటనే ఎవరికైనా ఇంకా దిగులుగానే ఉంటుందట. బాధ కలిగించే సినిమా చూపించి పరిశోధన చేస్తే, ఏడ్చినవాళ్ల మనసు సినిమా అయిపోగానే ఇంకా కుంగింది, ఇరవై నిమిషాలకు మామూలుకు వచ్చింది, గంటన్నరకు మొదటికన్నా తేలికపడింది. నెదర్లాండ్స్‌లో ఆడ్ వింగర్‌హూట్స్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు చేసిన పని అది. ఏళ్ల తరబడి ఏడుపు మీదే పరిశోధన చేసిన మనిషి ఒకరున్నారని తెలియడమే నాకు ఒక ధైర్యం.

ఆరు వారాల్లో పదిహేడు సార్లు రాశాను. అంటే నెలకు పన్నెండు దాకా. అమెరికాలో విలియం ఫ్రే అనే శాస్త్రవేత్త 1980లలో లెక్క తీస్తే ఆడవాళ్లు సగటున నెలకు ఐదుసార్లకు పైన, మగవాళ్లు ఒకటిన్నర సారికి లోపు అని తేలిందట. ఆ మాట విని ముఖం చిన్నబోయింది. సగటంటే ఎత్తు లాంటిదేనని, పొడుగు మనిషి జబ్బు మనిషి కాదని మేడం చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. చిన్నప్పుడు మగపిల్లలూ ఆడపిల్లలూ దాదాపు ఒకే లెక్కలో ఏడుస్తారట, పదకొండు పన్నెండేళ్ల దగ్గర్నుంచి దారులు వేరవుతాయి. అందులో ఒంట్లో వచ్చే మార్పుల పాలు కొంత, గాజుల పాలు కొంత.

నోటుబుక్కులో రెండు పేజీలు నేను ఇప్పటికీ తిరగేస్తుంటాను.

ఒకటి బాత్రూం పేజీ. షాపు గొడవ గుర్తొచ్చి, ట్యాప్ తిప్పుకుని, నోట్లో టవలు పెట్టుకుని ఏడ్చాను. వెంటనే ఎనిమిది. గంటన్నర తర్వాత కూడా ఎనిమిదే. తల నొప్పి, కళ్లు మంట. రెండోది ఒక చీనీ తోట పేజీ. ఎనిమిదేళ్ల చెట్లు, కాపు మీదున్నవి. బోరు ఎండిపోయింది, పక్కన ఇంకోటి ఏడొందల అడుగులు వేసినా దుమ్మే లేచింది. ఆ రైతు నన్ను పిలిపించింది పైపులు విప్పి చుట్టడానికి. నేను బిగించిన పైపులే. మొదటి వరస విప్పుతుంటే డ్రిప్పర్ కింద నేల ఇంకా కొంచెం తడి రంగులో ఉంది. నాకు ఆగలేదు. దాచడానికి అక్కడ ట్యాపు లేదు, హెల్మెట్ లేదు. ఆయన చూశాడు. ఏమీ అనకుండా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, బోరు పోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు నాతో అన్నాడు, అప్పు ఎంత, ఎవరికెంత, కొడుకు బెంగళూరు పోతానంటున్నాడని. అప్పుడు ఆయన కళ్లలోనూ నీళ్లు. వెంటనే ఏడు. గంటన్నర తర్వాత మూడు.

పదిహేడూ వరసగా పెట్టి చూస్తే ఇదే కనబడింది. దాచుకుని ఏడ్చినవి తొమ్మిది. వాటిలో ఏడింట్లో బరువు తగ్గలేదు. ఎవరైనా పక్కనుండి, నవ్వకుండా ఉన్నవి ఆరు, ఆరింట్లోనూ తగ్గింది. మిగిలిన రెండింటికి గంటన్నర తర్వాత అంకె వేయడం మర్చిపోయాను. వేరే దేశాల్లో చేసిన పరిశోధనల్లోనూ ఇట్లే తేలిందని మేడం అంది. పక్కన ఆదరించే మనిషి ఉంటే ఏడుపు తేలిక చేస్తుంది, ఏడవడం సిగ్గనుకునేవాళ్లకు ఆ తేలిక తక్కువ. నేను ఏడుపును తిట్టుకుంటూ వచ్చాను, బరువంతా సిగ్గుదైతే.

ఇంకొకటి కూడా ఆ లెక్కలో దొరికింది. పదిహేడులో నా గురించి నాకు జాలేసి ఏడ్చింది ఒక్కటి కూడా లేదు. ఆరు కోపంతో వచ్చినవి. ఎనిమిది ఎదుటి మనిషి కష్టం చూసో మంచితనం చూసో వచ్చినవి. ఒక మూడు పాత ఫోటోలు, పాటలు.

మా నాయన గురించి కూడా మా అమ్మను అడిగాను. ఆయన ఏడవగా నేను చూసింది ఒక్క పీర్ల పండుగ చివరి రోజు, పీర్లు జలధికి పోయేటప్పుడు. ఆ రోజు మా పల్లెలో మీసాలున్న మగోళ్లంతా ఏడుస్తారు, హిందువులూ ముస్లింలూ, ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. చావు దగ్గర కూడా అనరు. మిగతా రోజుల్లోనే తప్పు. ‘నాయన మామూలప్పుడు ఎప్పుడన్నా ఏడ్చినాడామ్మా?’ అంటే, మా అమ్మ బియ్యం చెరగడం ఆపి నా వైపు చూసింది. ‘2002 కరువులో చెనిక్కాయ మొత్తం పోయింది గదా. రాత్రి వామి దొడ్డికి పోయేటోడు. తెల్లారి టవలు పిండితే నీళ్లు కారేటివి. నేను ఏమీ ఎరగనట్టు ఉతికి ఆరేసేదాన్ని’ అంది. మా నాయన పోయి ఆరేళ్లయింది. ఆ టవలు గురించి ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక షాపు సంగతి. మేడం నన్ను ఏడవకుండా మాట్లాడడం నేర్పలేదు, ఏడుస్తూ మాట్లాడడం నేర్పింది. ముందే ఒక వాక్యం తయారు చేసుకోవాలి. గొంతు పట్టుకుంటే మింగకూడదు. నోటితో నెమ్మదిగా, పొడుగ్గా గాలి వదలాలి, రెండు గుక్కల నీళ్లు తాగాలి, మళ్లీ మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తల దించకూడదు. ఆమె ముందు ఐదుసార్లు నిలబడి చెప్పాను. ఇంట్లో మా ఆవిడ ఓనరుగా కూర్చుంటే ఇంకో నాలుగుసార్లు.

ఈలోపు డెలివరీ పుస్తకంలో కార్బన్ కాపీ దొరికింది. నార్పల మండలంలో ఒక రైతుకు ఇచ్చిన పైపు రెండు కట్టలు పగుళ్లు వస్తే, వాటి బదులు కొత్తవి ఇచ్చాము. బదులు సరుకు గనక బిల్లు లేదు, స్టాకులోంచి మాత్రం పోయింది. రైతు సంతకం, తేదీ ఉన్నాయి.

జనం ఉన్నప్పుడే పోయాను. ‘అన్నా, నాకు కోపమొచ్చినా కండ్లల్లో నీళ్లొస్తాయి. అవి వస్తాంటాయి, నువ్వు నా మాట విను’ అన్నాను. వచ్చాయి. రెండో మాటకే గొంతు పట్టుకుంది. గాలి వదిలాను, సీసాలో నీళ్లు తాగాను. అంతసేపూ షాపులో ఎవరూ మాట్లాడలేదు. స్లిప్పు టేబుల్ మీద పెట్టి, తేదీ, కట్టలు, రైతు పేరు, అన్నీ చెప్పాను. నా గొంతు వణికింది గానీ లెక్క వణకలేదు. ఓనరు స్లిప్పును రెండుసార్లు తిప్పి చూసి ‘సరేలే, చూసుకోలేదు’ అన్నాడు. ‘ఆ రోజు ఈ పిల్లోళ్ల ముందర అన్నావు, ఇది కూడా వాళ్లకు చెప్పన్నా’ అన్నాను. ‘వీడిది తప్పేం లేదు లేరా’ అని పనిపిల్లోళ్లతో అన్నాడు, నా వైపు చూడకుండా. నాకది చాలలేదు. మూడు నెలలకు వేరే డీలరు దగ్గరికి మారాను. కానీ ఆ రోజు బండి మీద ఇంటికొస్తుంటే చేతులు వణకడం తగ్గి, ఆకలేసింది. చాలా రోజుల తర్వాత.

సిగ్గు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కొత్తవాళ్ల ముందు కళ్లు తడిస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ట్యాపు మాత్రం తిప్పడం లేదు.

మొన్న సంక్రాంతికి ముందు మా చిన్నాయనకు పక్షవాతం వచ్చింది. చూడ్డానికి పోయాను. మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు, కుడి చేయి ఒళ్లో పడి ఉంది. నన్ను చూడగానే భోరుమన్నాడు. కాఫీ తెస్తే ఏడుపు, ఫ్యాన్ వేస్తే ఏడుపు. ‘ఇంత ధైర్యమున్న మనిషి ఆడదానిమాదిరి అయిపోయినాడు’ అని వాళ్ల కొడుకు తలుపు దగ్గర నిలబడి చికాకుపడ్డాడు. చిన్నాయనకు ఆ మాట వినపడింది. ఎడమ చేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కోబోయాడు, అందలేదు.

డాక్టరు గారు నన్నడిగిన ప్రశ్న గుర్తొచ్చింది, బాధ లేకుండానే వచ్చి, వద్దన్నా ఆగని ఏడుపు. తమ్ముణ్ణి బయటికి పిలిచి చెప్పాను. ఇది దిగులూ కాదు, పిరికితనమూ కాదు, మెదడులో ఏడుపును అదుపుచేసే దారి దెబ్బతింటే ఇట్లా అవుతుంది, మందులతో తగ్గించొచ్చు, రేపు పోయినప్పుడు డాక్టరుకు ఇది కూడా చెప్పు, సిగ్గని దాచొద్దు అని. వాడు నమ్మీ నమ్మనట్టు తలూపాడు.

లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాను. చిన్నాయన నా ఎడమ చేయి పట్టుకున్నాడు. మాట సరిగా రావడం లేదు. మణికట్టు దగ్గర బొటనవేలితో తడుముతూ ఏదో అనబోయాడు, మళ్లీ ఏడుపొచ్చింది. ఆయనకు ఆ గాజులు గుర్తున్నాయో లేదో నాకు తెలియదు. నాకూ నీళ్లొచ్చాయి. భుజం మీది టవలుతో ముందు ఆయన ముఖం తుడిచి, అదే టవలుతో నా ముఖం తుడుచుకున్నాను.